చివరి కుళాయిలో క్లోరిన్ ఎంత? లంక గ్రామాల కార్యదర్శులకు, ట్యాంకు ఆపరేటర్లకు బహిరంగ లేఖ

కోనసీమ లంక గ్రామాల పంచాయతీ కార్యదర్శులకు, ట్యాంకు ఆపరేటర్లకు, ఏఎన్ఎంలకు, ఆశా కార్యకర్తలకు నమస్కారం.

నేను ఆరోగ్య శాఖలో సూపర్‌వైజరుగా చేసి రిటైరయినవాణ్ణి. గోదావరికి వరద వచ్చిన ప్రతిసారీ ఫోన్లో ఒకే రకం ఫోటో వస్తుంది. రోడ్డుకి రెండు పక్కలా తెల్లగా బ్లీచింగ్ గీత, దాని వెనక ఖాళీ సంచి, సంచి పక్కన మనవాళ్లు నలుగురు. కింద ‘పారిశుద్ధ్య చర్యలు ముమ్మరం’ అని రాసి ఉంటుంది. ఆ ఫోటోలో ఉన్నవాళ్లని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. పైనుంచి అడిగేది ఆ ఫోటోనే, ‘ఎన్ని సంచులు చల్లారు’ అన్న లెక్కే. కానీ కలరా క్రిమి రోడ్డు మీద బురదలోంచి మన కడుపులోకి రాదు. తాగే నీళ్లలోంచి, ఆ నీళ్లు తగిలిన తిండిలోంచి, కడగని చేతిలోంచి వస్తుంది. తడి బురద మీద పడ్డ బ్లీచింగ్‌లో క్లోరిన్‌ని ఆ బురదే కాసేపట్లో తినేస్తుంది. ఆ సంచి ట్యాంకుకి దక్కి ఉంటే ఎన్నో రోజులు ఊరంతటి నీళ్లకీ సరిపోయేది.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి చేరినప్పుడు మన లంకల పరిస్థితి ఎలా ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. కాజ్‌వేలు మునిగాయి, పడవ తప్ప దారి లేదు. అలాంటి రోజుల్లో మన చేతిలో ఉండేవి రెండే. ఒకటి ట్యాంకులో కలిపే బ్లీచింగ్, రెండోది ఓఆర్ఎస్ పొట్లం. రెండూ చవకైనవే, రెండూ ప్రతి ఊళ్లోనూ ఉన్నవే. రెండింటినీ లెక్క తప్పి వాడటం నేను కళ్లారా చూశాను. ఈ ఉత్తరం ఆ లెక్క గురించే.

ముందు బ్లీచింగ్ సంగతి. ఒకసారి ఒక ఊళ్లో (పేరు వద్దు) నీళ్లు తీసిన నాలుగైదు రోజులకి చివరి వీధిలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. వెళ్లి అడిగితే ట్యాంకు ఆపరేటరు ‘రోజూ అరకిలో వేస్తున్నానండి’ అన్నాడు. అబద్ధం కాదు, నిజంగానే వేస్తున్నాడు. కానీ ఆ పొడి ఏడాదిగా పంచాయతీ గదిలో ఎరువుల బస్తాల పక్కన, మూతి విప్పి ఉంది. సంచిలో చెయ్యి పెడితే ఉండలు తగిలాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఘాటు లేదు. అప్పటికే అది చాలావరకు సున్నం.

తాజా బ్లీచింగ్‌లో పనికొచ్చే క్లోరిన్ 33 శాతం దాకా ఉంటుంది. గాలి, వెలుతురు, తేమ తగిలితే అది రోజురోజుకీ ఎగిరిపోతుంది. అందుకని ‘ఇన్ని లీటర్లకి ఇన్ని గ్రాములు’ అని గోడ మీద రాసిన పట్టీ మొదటి రోజు నిజమే గాని, ఆరు నెలల తరవాత దాన్ని నమ్మలేం. వరద నీళ్ల సంగతి ఇంకా అధ్వానం. బురద, కుళ్లిన ఆకు, పేడ, ఇవన్నీ క్లోరిన్‌ని తినేస్తాయి. వాటి ఆకలి తీరాక మిగిలిన క్లోరిన్‌కే క్రిములని చంపే బలం ఉంటుంది.

ఈ రెండు తెలియని లెక్కల్నీ ఒక్క దెబ్బకి తేల్చే పాత పరీక్ష ఒకటుంది, హరాక్స్ పరీక్ష. మిలిటరీ డాక్టరు పేరు మీద వచ్చింది. ఆ పెట్టె మీ పీహెచ్‌సీ బీరువాలో దుమ్ము పట్టి ఉండొచ్చు, తీయించండి. అందులో ఒక నల్ల కప్పు, ఆరు తెల్ల కప్పులు, 2 గ్రాముల చెంచా ఉంటాయి. మీరు నిజంగా వాడబోయే సంచిలోంచి ఒక చెంచా పొడి నల్ల కప్పులో వేసి, ముద్దలా కలిపి, గీత దాకా నీళ్లు పోసి, తేరనివ్వాలి. మీరు నిజంగా శుద్ధి చెయ్యబోయే నీళ్లనే ఆరు తెల్ల కప్పుల్లో పొయ్యాలి. నల్ల కప్పులోని తేరిన నీటిని పెట్టెలోని పిప్పెట్‌తో మొదటి కప్పులో ఒక చుక్క, రెండోదాంట్లో రెండు, అలా ఆరో కప్పు దాకా వేసి కలపాలి. అరగంట ఆగి ప్రతి కప్పులో మూడు చుక్కల పిండి-అయోడైడ్ ద్రావణం వేస్తే, క్లోరిన్ మిగిలిన కప్పులు నీలం తిరుగుతాయి. స్పష్టంగా నీలం వచ్చిన మొదటి కప్పు ఎన్నోదైతే దాన్ని రెండుతో హెచ్చించండి. 455 లీటర్లకి అన్ని గ్రాముల పొడి కావాలి. నీళ్లలో మురికి ఎంతున్నా, పొడి ఎంత చచ్చినా, ఆ రెండూ ఈ అంకెలోనే కలిసిపోయి వస్తాయి. అందుకే నాకు ఈ పరీక్షంటే అంత ఇష్టం.

ఒక లెక్క వేసి చూద్దాం. మీ ఓవర్‌హెడ్ ట్యాంకు 60,000 లీటర్లది అనుకోండి. కొత్త సంచితో రెండో కప్పు నీలమైంది. అంటే 455 లీటర్లకి 4 గ్రాములు. 60,000ని 455తో భాగిస్తే సుమారు 132, దాన్ని నాలుగుతో హెచ్చిస్తే 528 గ్రాములు. అదే నీళ్లకి, సగం బలం పోయిన సంచితో చేస్తే నాలుగో కప్పు నీలమవుతుంది. అప్పుడు కావాల్సింది 1,056 గ్రాములు. మా ఆపరేటరు వేసిన అరకిలో మొదటి సంచికి దాదాపు సరిపోయేదే. రెండో సంచికి అది సగమే. రోజూ పని చేశాడు, రోజూ రిజిస్టర్లో రాశాడు, చివరి వీధికి మాత్రం క్లోరిన్ చేరలేదు. ఆరు కప్పుల్లో ఒక్కటీ నీలం కాకపోతే ఆ సంచిని పక్కన పెట్టి ఇంకోదానితో మళ్లీ చెయ్యండి. దానికీ నీలం రాకపోతే లోపం నీళ్లలోనే ఉంది, ముందు బురద తేర్చాలి.

నేలబావి అయితే ముందు నీళ్లెన్నో తెలియాలి. వ్యాసం మీటర్లలో కొలిచి, దాన్ని దానితోనే హెచ్చించి, నీటి లోతుతో హెచ్చించి, మళ్లీ 785తో హెచ్చిస్తే లీటర్లు వస్తాయి. రెండు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల నీళ్లున్న బావిలో సుమారు 12,560 లీటర్లుంటాయి. మూడో కప్పు నీలమైతే 166 గ్రాముల దాకా పొడి కావాలి. దాన్ని నేరుగా బావిలో గుమ్మరించకండి. బక్కెట్టుకి వంద గ్రాములు మించకుండా ముద్ద చేసి, నీళ్లు పోసి కలిపి, పది నిమిషాలు తేరనిచ్చి, పైన తేట మాత్రం ఇంకో బక్కెట్లోకి వంచుకోవాలి. అడుగున మిగిలే సున్నం బావిలో పడితే నీళ్ల కాఠిన్యం పెరుగుతుంది. జనం వాటిని వదిలేసి కాలవ నీళ్లు తెచ్చుకుంటారు, అది ఇంకా ప్రమాదం. తేట ఉన్న బక్కెట్టుని తాడుతో నీళ్ల అడుగుదాకా దించి, పైకీ కిందికీ బాగా ఆడించాలి. గంట దాకా ఎవరూ తోడకూడదు. రాత్రి తోడటం అయిపోయాక వేస్తే మంచిది. రోగం ఉన్నన్నాళ్లూ ఇది రోజూ చెయ్యాలి.

బురదనీళ్ల గురించి ఒక మాట. మన అమ్మమ్మలు గోదారి ఎర్రనీళ్లని బిందెలో పట్టి, బిందె లోపలి గోడకి ఇండుపగింజ రాసేవాళ్లు. తెల్లారేసరికి నీళ్లు తేటగా ఉండేవి. కొందరు పటిక తిప్పేవాళ్లు. ఆ తెలివి ఇప్పటికీ పనికొస్తుంది, కానీ అందులో సగం పని మాత్రమే ఉంది. తేటపడ్డ నీళ్లలో క్రిములు చావవు, కంటికి మాత్రం బురద పోతుంది. ముందు తేర్చి, ఆ తేట వేరే బిందెలోకి వంచి, అప్పుడు క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగాలి. 0.5 గ్రాముల మాత్ర 20 లీటర్లకి. మాత్ర ముందు వేసి పటిక తరవాత తిప్పితే ఆ మాత్రని బురద మింగేస్తుంది. మీ ఆశా అక్కలు మాత్రలు పంచేటప్పుడు ఈ వరసని కూడా చెప్పమనండి. పంచిన మాత్రలు గూట్లో పడి ఉండటం నేను ఎన్ని ఇళ్లలో చూశానో!

ఇక చివరి కుళాయి సంగతి. మన ఊళ్లలో ప్రెషర్ చాలక కుళాయి కింద గొయ్యి తవ్వుకుంటాం. వరద వెళ్లాక ఆ గోతిలో మురుగు నిలుస్తుంది. మోటారు ఆగినప్పుడు పైపులో నీళ్లు వెనక్కి జారి లోపల ఖాళీ ఏర్పడుతుంది, ఆ గోతిలో మురుగుని పైపు తనే పీల్చుకుంటుంది. మోరీలు దాటే చోట చిల్లుపడ్డ పైపుదీ ఇదే కథ. అంచేత ట్యాంకు దగ్గర క్లోరిన్ చూసి సంతృప్తి పడటం వల్ల లాభం లేదు. పరీక్ష కిట్టు పట్టుకుని నీళ్లు వదిలిన అరగంటకి ఆఖరి ఇంటికి వెళ్లండి. అక్కడ లీటరుకి 0.5 మిల్లీగ్రాములు ఉంటే రోగం రోజుల్లో చాలు. మామూలు రోజుల్లోనూ 0.2కి తగ్గకూడదు. నీళ్ల ట్యాంకర్లయితే నింపినప్పుడు 2 ఉండాలి, ఎందుకంటే దారిలో తగ్గుతుంది. పాత ఆర్థోటాలిడీన్ చుక్కలే మీ దగ్గరుంటే, చుక్క వేసిన పది సెకన్లలోపే పసుపు రంగు చూసి రాసుకోండి. పావుగంట ఆగి చూస్తే రంగు ముదురుతుంది, కానీ అది పనికొచ్చే క్లోరిన్‌కి గుర్తు కాదు. ట్యాంకు దగ్గర 1 ఉండి ఆఖరి ఇంట్లో సున్నా వస్తే ఇంకో సంచి తెరవకండి, మధ్యలో పైపు చూడండి. మా చివరి వీధిలో దొరికింది కూడా అదే. పొడి మార్చాక ట్యాంకులో క్లోరిన్ నిలిచింది, ఆ వీధిలో నిలవలేదు. మోరీలో మునిగి ఉన్న ఒక జాయింటు బిగించాక గాని అక్కడ రంగు రాలేదు.

ఇప్పుడు మనుషుల సంగతి. కలరాలో మనిషిని చంపేది క్రిమి కాదు, పోయిన నీళ్లు. బియ్యం కడిగిన నీళ్లలా విరేచనాలు మొదలైతే కొన్ని గంటల్లోనే లీటర్లకి లీటర్లు పోతాయి. కళ్లు గుంట పడతాయి. పొట్ట మీద చర్మాన్ని పట్టి వదిలితే మెల్లగా వెనక్కి వెళ్తుంది. చివరికి మణికట్టు దగ్గర నాడి దొరకదు. పోయినంత నీళ్లూ ఉప్పూ తిరిగి లోపలికి పంపగలిగితే వందలో ఒకరు కూడా పోరు. పంపలేకపోతే తీవ్రంగా ఉన్నవాళ్లలో సగం మంది పోవచ్చు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం వేళ సరిహద్దు దగ్గర బన్‌గావ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చింది. డాక్టరు దిలీప్ మహలనాబిస్ దగ్గర సెలైన్ అయిపోవచ్చింది. ఆయన లీటరు నీళ్లకి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా కలిపి తాగించాడు. తాగించింది నర్సులు కూడా కాదు, చాలావరకు రోగి పక్కనున్న చుట్టాలే. శిబిరంలో 30 శాతం దాకా ఉన్న మరణాలు ఆయన చూసిన రోగుల్లో 3.6 శాతానికి తగ్గాయి. ఆయన 2022లో పోయారు, మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ఇచ్చారు. పడవ దాటితే గాని ఆసుపత్రి లేని మన లంకలకి ఆ శిబిరం కథ దగ్గరది. అక్కడా సెలైన్ చాలలేదు, పక్కన చుట్టాలు మాత్రం ఉన్నారు.

ఇది ఎలా పనిచేస్తుందో ఏఎన్ఎంలు జనానికి చెప్పగలిగితే సగం భయం పోతుంది. కలరా విషం పేగుని కారేలా చేస్తుంది గాని, గ్లూకోజూ ఉప్పూ జంటగా లోపలికి వెళ్లే తలుపుని పాడుచెయ్యదు. ఆ జంట వెళ్తే నీళ్లు వెనకే వెళ్తాయి. ఉప్పు లేకుండా ఉట్టి పంచదార నీళ్లయితే తలుపు సరిగా తెరుచుకోదు. పంచదార ఎక్కువైతే పేగే ఒంట్లోంచి నీళ్లని బయటికి లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. కూల్‌డ్రింకులు, డబ్బాల్లో అమ్మే తియ్యటి పానీయాలు అందుకే వద్దు. వాటి పేర్లలో ‘ఓఆర్ఎస్’ అని పెట్టుకోవడం మీద హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ మాట వాడకూడదని ఆదేశించింది. పాత సరుకు ఏదైనా మీ ఊరి కొట్లో ఉంటే చూడండి.

మన కోనసీమలో ఇంకో చిక్కుంది, కొబ్బరినీళ్లు. మంచివే, కానీ అందులో పొటాషియం ఎక్కువ, సోడియం చాలా తక్కువ. కలరా లాగేసేది ముఖ్యంగా సోడియాన్నే. ఓఆర్ఎస్‌తో పాటు తాగనివ్వండి, దాని బదులు మాత్రం వద్దు.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు కలపడంలో. పెద్ద పొట్లం 20.5 గ్రాములది, అది సరిగ్గా ఒక లీటరుకి. నేను చూసిన ఒక ఇంట్లో పాపం ఆ పొట్లమంతా ఒకే గ్లాసులో కలిపి పిల్లాడికి పట్టారు, ‘చిక్కగా ఉంటే త్వరగా తగ్గుతుంది’ అని. ఇంకో ఇంట్లో పొదుపు కోసం చిటికెడు చిటికెడు వేసి వారం వాడారు. మొదటిది ఒంట్లో ఉప్పుని ప్రమాదకరంగా పెంచుతుంది, రెండోది పనిచెయ్యదు. పొట్లంతో పాటు కొలత కూడా ఇవ్వండి. వరద సహాయంలో ఎలాగూ లీటరు నీళ్ల సీసాలు ఇస్తున్నారు, ఖాళీ సీసా పారెయ్యొద్దనీ అదే కొలతపాత్రనీ చెప్పండి. మొత్తం పొట్లం, మొత్తం సీసా. కలిపింది 24 గంటలు దాటితే పారబొయ్యాలి. పొట్లం అందేలోగా ఇంట్లో లీటరు నీళ్లకి ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, తలగొట్టి కొలిచి కలపొచ్చు.

ఎంత తాగాలి? నీరసించి, కళ్లు గుంటపడి, దాహంగా ఉన్న మనిషికి బరువు కిలోకి 75 మిల్లీలీటర్లు, నాలుగు గంటల్లో. యాభై కిలోల మనిషికి మూడు లీటర్ల ముప్పావు. చాలామంది ఒక గ్లాసు తాగించి ‘పట్టించామండి’ అంటారు. నాలుగు సీసాలు పక్కన పెట్టి ఖాళీ అవుతున్నాయా చూడమనండి, మాటల్లో వద్దు. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, చెంచాతో కొద్దికొద్దిగా మళ్లీ మొదలుపెట్టాలి. వాంతి అయిందని ఆపెయ్యడమే అసలు తప్పు. చంటిపిల్లలకి తల్లిపాలు ఆపకూడదు, అయిదేళ్లలోపు వాళ్లకి జింకు మాత్ర ఇవ్వాలి.

నాడి దొరకనివాడికి, తాగలేనంత మగతగా ఉన్నవాడికి ఓఆర్ఎస్ చాలదు, నరంలోకి సెలైన్ ఎక్కించాల్సిందే. అప్పుడు కావాల్సింది రింగర్ లాక్టేట్. ఏడాది దాటిన మనిషికి కిలోకి 30 మిల్లీలీటర్లు అరగంటలో, మిగతా 70 రెండున్నర గంటల్లో. యాభై కిలోల మనిషికి మొత్తం అయిదు లీటర్లు, అందులో లీటరున్నర మొదటి అరగంటలోనే. ‘గ్లూకోజ్ బాటిల్’ ఒకటి మెల్లగా చుక్కచుక్కగా ఎక్కించి పంపేసే అలవాటు మన పల్లెల్లో ఉంది. ఆ సీసాలో ఉప్పు ఉండదు, కలరాకి అది పనికిరాదు. పడవలో పంపేటప్పుడు కూడా నోటితో తాగగలిగినంత తాగిస్తూనే పంపండి.

ఒక విషయం కార్యదర్శులకి గట్టిగా చెప్పాలి. ‘కలరా’ అన్న మాట రాయడానికి భయపడకండి. మన ముత్తాతలు దీన్ని మరిడి అన్నారు, తెలంగాణలో గత్తర అన్నారు, పెద్దాపురంలో మరిడమ్మకి ఇప్పటికీ జాతర చేస్తారు. వాళ్లకి పేరు పెట్టడానికి సిగ్గనిపించలేదు. మనం మాత్రం ‘సాధారణ డయేరియా’ అని రాసి, పరీక్షకి పంపకుండా రోజులు గడిపేస్తాం. యాంటీబయాటిక్ ఇవ్వకముందే రెండు మూడు విరేచన నమూనాలు క్యారీ-బ్లెయిర్ గొట్టంలో తీసి ల్యాబుకి పంపించమని మీ డాక్టరు గారిని అడగండి. ఐసు అక్కర్లేదు, మామూలు వేడిలోనే ఆ గొట్టం నిలుస్తుంది. ఫలితం వచ్చేదాకా ఆగాల్సిన పనేమీ లేదు. పైన చెప్పినవన్నీ ఈలోగానే మొదలుపెట్టొచ్చు. కాకపోతే పేరు తెలిస్తే పక్క లంక వాళ్లు ముందే జాగ్రత్త పడతారు.

నేను అడిగేది ఇది. ఈ వరదల కాలం నుంచి మీ రిజిస్టర్లో ‘చల్లిన సంచులు’ గడి పక్కన ఇంకో రెండు గడులు గీయండి. ఒకదాంట్లో ఆ రోజు చివరి కుళాయిలో కొలిచిన క్లోరిన్, టైముతో సహా, సున్నా వస్తే సున్నా అని. రెండోదాంట్లో ప్రతి రోగీ మొదటి నాలుగు గంటల్లో తాగిన లీటర్లు. కొత్త సంచి తెరిచిన తేదీ దాని మీదే స్కెచ్‌పెన్‌తో రాసి, పొడిని మూత బిగిసే ప్లాస్టిక్ డ్రమ్ములో, ఎరువులకి దూరంగా పెట్టండి. హరాక్స్ పెట్టె దొరక్కపోతే, దొరికినా వాడటం తెలియకపోతే, మండలానికి ఒక రోజు నేను వచ్చి నేర్పుతాను. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక ఎగరేసే లోపు పిలవండి, ఆ తరవాత పడవ దొరకడం కష్టం.

ఇట్లు,
రిటైరయిన ఒక హెల్త్ సూపర్‌వైజరు